స్లాబ్ కింద పెచ్చులు ఎందుకు ఊడతాయంటే

ఖమ్మం నుంచి ఒకాయన అడిగారు. ఇల్లు కట్టి పన్నెండేళ్ళే అయిందట, వెనక వరండా స్లాబ్ కింద అప్పుడే పెచ్చులు ఊడి చువ్వలు బయటపడ్డాయి, మేస్త్రిని పిలిస్తే సిమెంట్ నాసిరకం అన్నాడు, చుట్టాలేమో ఆ మూల వాస్తు బాలేదు అంటున్నారు, ఇంతకీ సంగతేంటి అని. మూల సంగతి నేను చెప్పలేను గానీ చువ్వ కింద కాంక్రీట్ ఎంత మందం ఉందో కొలిచారా అని అడిగాను. స్కేలు పెట్టి చూస్తే సెంటీమీటర్ కూడా లేదు. నాకు కథంతా అక్కడే కనిపిస్తోంది.

బళ్ళో మనకి మూడు టెస్ట్ ట్యూబులు, మూడు మేకులు పెట్టి నీళ్ళూ గాలీ రెండూ ఉంటేనే తుప్పు అని నేర్పిస్తారు. అది నిజమే, కానీ దాంతో చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం పడిపోతుంది: కాంక్రీట్ గాలినీ నీటినీ లోపలికి రానివ్వదు కాబట్టి చువ్వకి తుప్పు పట్టదని. కాంక్రీట్ నిండా సన్నటి రంధ్రాలే, వాటిల్లో తేమ ఉంటుంది, ఆక్సిజనూ వస్తుంది. అయినా చువ్వ ఏళ్ళ తరబడి బాగానే ఉంటుంది, ఎందుకంటే ఆ రంధ్రాల్లో ఉన్నది మామూలు నీళ్ళు కాదు, పీహెచ్ 12.5 దాటిన ఘాటైన క్షారం. అంత క్షారంలో ఇనుము మీద ఒక ఆక్సైడ్ పొర దానంతటదే కడుతుంది, కొన్ని నానోమీటర్ల మందమే, కంటికి కనపడదు, కానీ ఆ పొర ఉన్నంతకాలం తుప్పు దాదాపు ఆగిపోయినట్టే. చిన్నగా చిరిగినా మళ్ళీ అదే కట్టుకుంటుంది. పోతపోసే ముందు చువ్వ మీద పల్చగా ఎర్రటి తుప్పు ఉంటే కొందరు కంగారు పడిపోతారు గానీ దాంతో పెద్ద బాధ లేదు, పొరలు పొరలుగా ఊడే తుప్పైతే మాత్రం గీకెయ్యాలి.

ఆ క్షారాన్ని పోగొట్టేది గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్. అది రంధ్రాల్లోంచి లోపలికి వచ్చి అక్కడున్న సున్నాన్ని కాల్షియం కార్బొనేట్‌గా మార్చేస్తుంది, అలా మారిన చోట పీహెచ్ 9 కిందకి పడిపోతుంది. బయటి ముఖం నుంచి లోపలికి ఇది ఒక గీతలాగా జరుగుతూ వస్తుంది. చూడాలంటే చూడొచ్చు కూడా, కొత్తగా పగలగొట్టిన ముక్క మీద దుమ్ము ఊదేసి ఫినాఫ్తలీన్ కొడితే క్షారం ఇంకా మిగిలున్న లోపలి భాగం ముదురు గులాబీ రంగులోకి తిరుగుతుంది, బయటి అంచు మాత్రం రంగు లేకుండా బూడిదగానే ఉండిపోతుంది. ఆ బూడిద పట్టీ చువ్వని తాకిందా లేదా అన్నదే ప్రశ్న.

ఈ గీత నడిచే తీరు నాకు భలే ఇష్టం. లోపలికి పోయేకొద్దీ కొత్త గ్యాస్ అంత దూరం దాటి రావాలి కాబట్టి వేగం తగ్గుతూ పోతుంది, లోతు కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. ఉదాహరణకి ఒక మామూలు కాంక్రీట్‌లో మొదటి ఏడాదికి 4 మిల్లీమీటర్లు పోయిందనుకోండి. 20 మిల్లీమీటర్లు చేరాలంటే ఐదింతలు కదా అని ఐదేళ్ళు అనుకుంటారు, కాదు, 25 ఏళ్ళు. అదే 10 మిల్లీమీటర్లకి ఆరేళ్ళ పైచిలుకు. కవర్, అంటే చువ్వ కింద ఉండే కాంక్రీట్ మందం, సగం చేస్తే ఆయుష్షు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. సెంట్రింగ్ మీద చువ్వల కింద కవర్ బ్లాకులు పెట్టకుండా ఏదో కంకర రాయి తోసేసి, పోతపోసేటప్పుడు పనివాళ్ళు ఆ చువ్వల మీదే నడిచి తొక్కేస్తే పోయేది ఈ పంతొమ్మిదేళ్ళు. క్యూరింగ్ సరిగా చెయ్యకపోతే పైపొరే గుల్లగా ఉంటుంది కాబట్టి ఆ 4 కాస్తా ఇంకా పెరుగుతుంది.

సరే, గీత చువ్వని చేరింది, పొర పోయింది. అంతమాత్రాన స్లాబ్ పగలదు, తేమ కావాలి. హాల్లో ఎప్పుడూ పొడిగా ఉండే స్లాబ్ కార్బొనేట్ అయినా చాలా ఏళ్ళు ఊరికే ఉండగలదు. వరండా పైన డాబా కారుతూ, తడుస్తూ ఆరుతూ ఉంటే మాత్రం చువ్వ ఏడాదికి ఓ 10 మైక్రాన్లు కరగడం వింతేం కాదు, అంటే మిల్లీమీటర్‌లో వందో వంతు.

ఇంత చిన్నదానికి కాంక్రీట్ ఎలా పగులుతుంది అంటారా. పూర్వం బండలు చీల్చడానికి రాతిలో వరసగా గుంటలు తవ్వి, ఎండు చెక్క మేకులు బిగించి, నీళ్ళు పోసేవాళ్ళని చెబుతారు. చెక్క ఉబ్బుతుంది, పక్కకి జరగడానికి చోటు ఉండదు, బండ చీలుతుంది. చువ్వ కూడా అలాంటి మేకే. కరిగిన ఇనుము తుప్పుగా మారితే రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు కావాలి, ఎంత నీరు కలుపుకుంటే అంత. మూడింతలు అనుకుందాం: 50 మైక్రాన్ల ఇనుము పోతే 150 మైక్రాన్ల తుప్పు, అంటే చువ్వ చుట్టూ 100 మైక్రాన్లు అదనం. కొంత పక్క రంధ్రాల్లో సర్దుకుంటుంది, మిగతాది కాంక్రీట్‌ని తోస్తుంది. నొక్కితే తట్టుకోవడంలో కాంక్రీట్ గట్టిదే గానీ లాగితే నొక్కుడు బలంలో పదో వంతే తట్టుకుంటుంది, పైగా ఇక్కడ లోపల్నుంచి తోస్తే చుట్టూ ఉన్నది సాగాల్సొస్తోంది. దగ్గర దారి కవర్ వైపే కాబట్టి చీలిక అటే వస్తుంది, చువ్వ వెంబడే పొడుగ్గా. కాంక్రీట్ ఆరడం వల్ల వచ్చిన మామూలు బీటలు ఎటుబడితే అటు పోతాయి, ఇవి మాత్రం చువ్వలున్న చోటే గీసినట్టు వస్తాయి, దాంట్లోంచి గోధుమరంగు మరక కారుతుంది.

ఒక తేడా ఉంది. చెక్క నీళ్ళు పీల్చాక ఇక ఉబ్బదు, ఆరితే కుంచించుకుపోతుంది. తుప్పు అలా కాదు, చీలిక తెరుచుకుంటే నీళ్ళూ గాలీ నేరుగా వస్తాయి, ఇంకా తుప్పు, ఇంకా చీలిక, వెనక్కి రావడమనేది లేదు. చువ్వలు దగ్గర దగ్గరగా ఉంటే ఒక చువ్వ చీలిక పక్క చువ్వ చీలికతో అడ్డంగా కలిసిపోయి, కింది పొర మొత్తం స్లాబ్‌నుంచి విడిపోయి వేలాడుతూ ఉంటుంది. కంటికి బాగానే కనిపిస్తుంది, సుత్తితో తడితే డొల్లగా మోగుతుంది. అలా మోగే చోట కింద మంచం వేసుకోకండి.

ఇప్పుడు ఖమ్మం స్లాబ్‌కి లెక్క వేస్తే: కవర్ 10 దాకా ఉంది అనుకుంటే గీత చేరడానికి ఆరేళ్ళు, పైన అనుకున్న 50 మైక్రాన్లు పోయి చీలిక రావడానికి ఇంకో ఐదు, మొత్తం పదకొండు. సిమెంట్‌ని తిట్టాల్సిన పనే లేదు. ఇందులో ఊరట కూడా ఉంది, 10 మిల్లీమీటర్ల చువ్వ చుట్టూ 50 మైక్రాన్లు పోతే వ్యాసం 9.9 అవుతుంది, బలం పోయింది 2 శాతమే. చీలిక కనపడిన రోజున పట్టుకుంటే చువ్వ దాదాపు మొత్తం ఉంటుంది, పెచ్చులు ఊడాక ఏళ్ళ తరబడి వదిలేస్తేనే చువ్వ సన్నబడిపోతుంది.

విశాఖ బీచ్ రోడ్డు లాంటి చోట్ల కథ వేరు, అక్కడ ఉప్పులోని క్లోరైడ్ క్షారం ఉండగానే పొరని చుక్కలు చుక్కలుగా చిల్లు పొడుస్తుంది. ఆ గుంటల్లో ఆక్సిజన్ తక్కువైతే నల్లటి తుప్పు వస్తుంది, అది అంత ఉబ్బదు, బయట పగుళ్ళు రాకుండానే చువ్వ ఒకచోట సగానికి తెగిపోవచ్చు. అందుకే మన కోడ్ ఐఎస్ 456 తక్కువ ఇబ్బంది ఉన్న చోట 20 మిల్లీమీటర్లు కవర్ చాలంటే సముద్రపు గాలికి నేరుగా ఉండే వాటికి 45 అడుగుతుంది.

రిపేరు విషయానికొస్తే, ఊడినచోట సిమెంట్ పూసి రంగెయ్యడం డబ్బు దండగ, చువ్వ వెనక వైపు ఇంకా ఆ పాడైన కాంక్రీట్‌లోనే ఉంటుంది కదా. చువ్వ చుట్టూ, వెనక వేలు దూరేంత దాకా చెక్కి, తళతళలాడేదాకా గీకి, అప్పుడు కొత్త మోర్టార్ కొట్టాలి. ఉప్పున్న చోటైతే ఇంకో చిక్కు, తుప్పు పట్టే ముక్క తన పక్కవాటిని కాపాడుతూ ఉంటుంది, దాన్ని బాగుచేస్తే ఆ కాపుదల పోయి సరిగ్గా ప్యాచ్ అంచు దగ్గర కొత్త తుప్పు మొదలవుతుంది. కాబట్టి అక్కడ డొల్లగా మోగినంత మేరే చెక్కి ఆపకుండా, పక్క కాంక్రీట్‌లో ఉప్పు ఎంతుందో డ్రిల్ పొడి తీసి టెస్ట్ చేయించుకుని అప్పుడు ఎంత చెక్కాలో తేల్చుకోవాలి. ఏదైనా ముందు డాబా లీకు ఆపాలి, పైనుంచి నీళ్ళు కారుతుండగా కింద చేసే పని నిలవదు.