వేలు పోతే ఈఎస్ఐ ఏమిస్తుంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఫ్యాక్టరీలో కార్మికుల ఈఎస్ఐ క్లెయిములు చూడటం నా పని. పవర్ ప్రెస్సులో వేలు పడిన ప్రతిసారీ అవే మాటలు వింటుంటాను.

అపోహ: చేరి నెల కూడా కాలేదు, ఏమీ రాదు.

పనిలో జరిగిన గాయానికి ఇన్ని రోజుల చందా ఉండాలన్న షరతు లేదు. చేరిన మొదటి రోజే ప్రమాదం జరిగినా హక్కు ఉంటుంది. 78 రోజుల చందా అడిగేది మామూలు జబ్బు సెలవు డబ్బుకి. రెండూ కలిపేసుకుని చాలామంది దరఖాస్తే పెట్టరు.

అపోహ: మొదటి మూడు రోజులకు డబ్బు కోస్తారు.

ఇదీ అలాంటి గందరగోళమే. జబ్బు విషయంలో మొదటి రెండు రోజులకు ఇవ్వరు. పని గాయం లెక్క వేరు. ప్రమాదం జరిగిన రోజును వదిలేసి కనీసం మూడు రోజులు పనికి వెళ్లలేకపోతే, ఆ మూడు రోజులకు కూడా కలిపి ఇస్తారు. అంతకంటే ముందే కోలుకుంటే రాదు. ఇచ్చేది సగటు రోజు వేతనంలో 90 శాతం. ఆ రోజుల్లో పనిచేసి జీతం తీసుకోకూడదు.

అపోహ: చెయ్యి పూర్తిగా పోతేనే పెన్షన్.

ఎక్కువ నష్టం చేసేది ఇదే. సగటు రోజు వేతనం 600 రూపాయలున్న ఒక కార్మికుడికి చూపుడు వేలి రెండు కణుపులు తెగాయనుకుందాం. కోలుకునేవరకు రోజుకు 540 వస్తుంది. తర్వాత మెడికల్ బోర్డు సంపాదన శక్తి ఎంత తగ్గిందో నిర్ణయిస్తుంది. చట్టం పట్టికలో ఈ గాయానికి 11 శాతం. 540లో 11 శాతం అంటే రోజుకు 59 రూపాయల 40 పైసలు, నెలకు దాదాపు 1,780. ఇది జీవితాంతం వస్తుంది. అతను మళ్లీ అదే ప్రెస్సు మీద పూర్తి జీతానికి పనిచేసినా ఆగదు. రెండు చేతులూ పోతే 100 శాతం, అంటే ఆ 540 మొత్తం. వేలు తెగకుండా బిగుసుకుపోతే పట్టికలో ఉండదు, శాతాన్ని బోర్డే అంచనా వేస్తుంది. అక్కడ ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితాలు బాగా పనికొస్తాయి.

అపోహ: గాయం కనిపిస్తోంది కదా, ఇంకేం రుజువు?

గాయం పనిలోనే అయిందని కాగితం చెప్పాలి. మొదట తీసుకెళ్లిన ప్రైవేటు ఆసుపత్రిలో కంగారులో ఎవరో "ఇంట్లో తగిలింది" అని చెబితే, ఆ చీటీతోనే నెలల తరబడి తలనొప్పి. అందుకే మొదటి చీటీలోనే యంత్రం పేరు, సమయం రాయించండి. యాక్సిడెంట్ రిజిస్టరులో ఎక్కించి, యాజమాన్యం రిపోర్టు పంపిందో లేదో కనుక్కోండి. సెలవు సర్టిఫికెట్లు ఈఎస్ఐ డాక్టరు దగ్గరే తీసుకోండి.

అపోహ: సదరంలో 40 శాతం రాలేదు, కాబట్టి ఈఎస్ఐలోనూ రాదు.

ఆ 40 ప్రభుత్వ పెన్షన్‌కు గీత. ఈఎస్ఐలో అలాంటి గీత లేదు. బోర్డు ఇచ్చిన శాతం తక్కువనిపిస్తే మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.