ఆఫ్ స్టంప్ బయట తగిలిన బంతికి ఎల్బీడబ్ల్యూ: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ నగరం భారత జట్టుకు గులాం అహ్మద్, శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్ వంటి ఆఫ్‌స్పిన్నర్లను అందించింది. ఇక్కడి లీగ్ మ్యాచ్‌లలో నేటికీ ఆఫ్‌స్పిన్ వేసేవారు చాలామంది కనబడతారు. అందువల్ల ఈ నగరంలో అంపైరింగ్ చేసేవారికి ఒక రకమైన అప్పీల్ తరచుగా ఎదురవుతుంది. బంతి ఆఫ్ స్టంప్ బయట పడి, లోపలికి తిరిగి, ముందుకు చాచిన కాలి ప్యాడ్‌కు తగులుతుంది. కీపర్, బౌలర్, స్లిప్ ఫీల్డర్ ఒక్కసారిగా అరుస్తారు. నేను నాటౌట్ అంటే బౌలర్, ఔట్ అంటే బ్యాటర్ నన్ను అడిగే ప్రశ్నలలో ఎక్కువ భాగం కింద చెప్పబోయే అపోహల నుంచే పుడతాయి.

అపోహ: బంతి ఆఫ్ స్టంప్ బయట పడితే ఎల్బీడబ్ల్యూ ఉండదు.

బంతి ఎక్కడ పడిందన్నది ఒక ప్రశ్న, ప్యాడ్‌కు ఎక్కడ తగిలిందన్నది వేరొక ప్రశ్న. ఈ రెండింటినీ కలిపేయడం వల్ల ఈ అపోహ నిలిచి ఉంది. బంతి లెగ్ స్టంప్ బయట పడితే, ఆ తరువాత ఏం జరిగినా బ్యాటర్ ఎల్బీడబ్ల్యూ కాడు. ఆఫ్ వైపు అటువంటి అడ్డు లేదు. ఒకప్పుడు ఉండేది: రెండు వికెట్ల మధ్య వరుసలో పడిన బంతికే ఔట్ ఇచ్చేవారు. దానివల్ల బ్యాటర్లు ఆఫ్ బయట పడి లోపలికి వచ్చే బంతులను నిశ్చింతగా ప్యాడ్లతో ఆపుతుండడంతో, 1935లో మార్పును ప్రయోగాత్మకంగా తెచ్చి 1937లో స్థిరపరిచారు. ఆనాటి నుంచి ఆఫ్ స్టంప్‌కు ఎంత బయట పడిన బంతికైనా, మిగతా షరతులు కుదిరితే బ్యాటర్ ఔటవుతాడు.

అపోహ: ప్యాడ్‌కు ఆఫ్ స్టంప్ బయట తగిలితే ఎప్పుడూ నాటౌటే.

నేను అన్నిటికన్నా ఎక్కువగా వివరించవలసి వచ్చేది ఇదే. కాబట్టి కుడిచేతి బ్యాటర్‌కు ఆఫ్‌స్పిన్నర్ వేసిన ఒక బంతిని తీసుకుని కొలతలతో చూద్దాం.

వికెట్ వెడల్పు 22.86 సెంటీమీటర్లు. బంతి స్టంప్‌లకు 4 మీటర్ల ముందు, ఆఫ్ స్టంప్ వెలుపలి అంచుకు 25 సెంటీమీటర్ల బయట పడింది అనుకోండి. బ్యాటర్ పెద్ద అడుగు వేయడం వల్ల స్టంప్‌లకు 2 మీటర్ల దూరంలో, మోకాలి కింద ప్యాడ్‌కు తగిలింది. తగిలినప్పుడు అది ఆఫ్ స్టంప్‌కు ఇంకా 10 సెంటీమీటర్ల బయటే ఉంది. అంటే పడిన చోటి నుంచి 2 మీటర్ల ప్రయాణంలో 15 సెంటీమీటర్లు లోపలికి వచ్చింది. ఆ దారిలోనే సాగితే మిగిలిన 2 మీటర్లలో మరో 15 సెంటీమీటర్లు లోపలికి వచ్చి, వెలుపలి అంచుకు 5 సెంటీమీటర్ల లోపల, ఆఫ్ స్టంప్‌ను కొడుతుంది. ఎత్తు విషయంలోనూ సందేహం లేదనుకుందాం.

ఈ బంతికి బ్యాటర్ నిజంగా బ్యాట్‌తో ఆడడానికి ప్రయత్నించి తప్పిపోతే, అతడు నాటౌట్. బంతి వికెట్లను కొట్టేదే అయినా తగిలిన చోటు వరుసకు బయట ఉంది కనుక అంపైర్ వేలు ఎత్తకూడదు. అదే బంతికి బ్యాట్‌ను పైకెత్తి వదిలేసినా, ఆడే ఉద్దేశం లేకుండా ప్యాడ్ వెనుక దాచుకున్నా, అతడు ఔట్. బంతి, ప్యాడ్, తగిలిన చోటు అన్నీ ఒకటే అయినా నిర్ణయం మారుతుంది. షాట్ ఆడే ప్రయత్నం లేనప్పుడు ఆఫ్ స్టంప్ బయట తగిలినా ఔట్ ఇవ్వవచ్చునని 36వ నియమం చెబుతుంది.

ఈ మినహాయింపు ఎందుకు అవసరమైందో తెలియడానికి 1957 నాటి ఎడ్జ్‌బాస్టన్ టెస్టును గుర్తు చేసుకోవాలి. వెస్టిండీస్ స్పిన్నర్ సోనీ రామదీన్ బౌలింగ్‌లో ఇంగ్లండ్ బ్యాటర్లు పీటర్ మే, కోలిన్ కౌడ్రీ పదేపదే ఎడమ కాలిని ఆఫ్ స్టంప్ బయటికి చాచి ప్యాడ్‌తో బంతిని అడ్డుకున్నారు. ఇద్దరూ కలిసి 411 పరుగులు జోడించగా, రామదీన్ ఆ ఇన్నింగ్స్‌లో 98 ఓవర్లు వేయవలసి వచ్చింది. అప్పటి నియమం ప్రకారం అది తప్పు కాదు. ఆటకు మాత్రం అది న్యాయం కాదని నా అభిప్రాయం. తరువాతి కాలంలో నియమం మారి, షాట్ ఆడని బ్యాటర్‌కు ఆ రక్షణ పోయింది.

ఇక మైదానంలో కష్టమైన భాగం, ప్రయత్నం నిజమైనదా కాదా అని తేల్చడం. దీనికి కొలబద్ద లేదు, నిర్ణయం పూర్తిగా అంపైర్‌దే. నేను మొదట చూసేది బ్యాట్ ప్యాడ్‌కు ముందుందా, వెనుక ఉందా అన్నది. కాలు ముందుకు వెళ్లి, బ్యాట్ దాని వెనుక ఆనుకుని, బంతి తిరిగినా తిరగకపోయినా బ్యాట్‌కు తగిలే అవకాశమే లేకపోతే, దానిని షాట్ అనడం నాకు సమ్మతం కాదు. బంతి దారిలోకి బ్యాట్ వచ్చి, అనుకున్నదానికన్నా ఎక్కువ తిరగడం వల్ల తప్పిపోతే మాత్రం అది నిజమైన ప్రయత్నమే.

అపోహ: రివర్స్ స్వీప్‌కు తిరిగితే ఆఫ్ వైపు, లెగ్ వైపు తారుమారవుతాయి.

తారుమారు కావు. బౌలర్ పరుగు మొదలుపెట్టగానే బంతి ఆటలోకి వస్తుంది. ఆ క్షణంలో బ్యాటర్ నిలుచున్న తీరును బట్టి ఏది ఆఫ్ వైపో నిర్ణయమవుతుంది. కాగా, పైన చెప్పిన బంతినే ఎడమచేతి బ్యాటర్‌కు వేస్తే అది లెగ్ స్టంప్ బయట పడినట్టు లెక్క కనుక, అతడు బ్యాట్ ఎత్తి వదిలేసినా ఎల్బీడబ్ల్యూ కాడు.

అపోహ: ఫుల్‌టాస్ తగిలితే, అది నేలపై పడి ఎంత తిరిగేదో ఊహించాలి.

అనుభవజ్ఞులైన ఆటగాళ్లు సైతం ఇలా వాదించడం విన్నాను. నేలను తాకకుండానే ప్యాడ్‌కు తగిలిన బంతి, తగలక ముందు ఏ దారిలో వస్తోందో అదే దారిలో కొనసాగేదని అంపైర్ భావించాలి. తరువాత పడి స్పిన్ అయ్యేదన్న ఆలోచనకు నియమంలో చోటు లేదు. కనుక స్టంప్‌ల వైపు నేరుగా వస్తున్న ఫుల్‌టాస్‌ను వరుసలో కాలితో అడ్డుకున్న బ్యాటర్, "అది తిరిగి లెగ్ బయటికి పోయేది సార్" అన్నా ఔటే.

అపోహ: కాలికి తగిలితేనే ఎల్బీడబ్ల్యూ.

బ్యాట్ పట్టుకున్న చేయి, దాని గ్లవ్ బ్యాట్‌లో భాగంగా లెక్కలోకి వస్తాయి. మిగిలిన శరీరంలో ఎక్కడ తగిలినా నియమం వర్తిస్తుంది. 1999 డిసెంబరులో అడిలైడ్ టెస్టులో మెక్‌గ్రాత్ వేసిన షార్ట్ బంతి పైకి లేవకపోవడంతో, కిందికి వంగిన సచిన్ తెందూల్కర్ భుజానికి తగలగా ఎల్బీడబ్ల్యూ ఇచ్చారు. బంతి వికెట్లను కొట్టేదా అని వాదించవచ్చు గానీ, భుజానికి తగిలింది కనుక ఔట్ కాదనడం తప్పు.

అపోహ: డీఆర్‌ఎస్ ఉంటే షాట్ సంగతిని కూడా యంత్రమే తేలుస్తుంది.

బంతి దారిని, తగిలిన చోటును అంచనా కట్టే సాంకేతికత బ్యాటర్ ఉద్దేశాన్ని చూడలేదు. అందుకే రివ్యూ కోరేముందు, షాట్ ఆడే నిజమైన ప్రయత్నం జరిగిందా అని ఫీల్డింగ్ కెప్టెన్ అంపైర్‌ను అడగడానికి ఐసీసీ 2021లో అనుమతించింది. మా లీగ్ మ్యాచ్‌లలో రివ్యూలు లేవు. అయినా ఓవర్ ముగిశాక కెప్టెన్ మర్యాదగా అదే ప్రశ్న అడిగితే, "షాట్ ఆడాడు, తగిలింది బయట" అనో, "వరుసలోనే తగిలింది గానీ లెగ్ స్టంప్ తప్పిపోయేది" అనో నేను చెబుతాను. మొదటి జవాబు విన్న ఆఫ్‌స్పిన్నర్ తరువాతి బంతిని ఆఫ్ స్టంప్‌కు దగ్గరగా వేసి, ప్యాడ్‌కు వరుసలో తగిలేలా చూసుకుంటాడు. రెండో జవాబు విన్నవాడు బంతిని ఇంకొంచెం బయట పడేస్తాడు.