పీడీఎఫ్‌లో కనిపించే తెలుగు కాపీ చేస్తే ఎందుకు రాదు?

నా దగ్గర ఒక ఊరి చరిత్ర పుస్తకం పీడీఎఫ్ ఉంది, 2004లో అచ్చయినది. తెరిస్తే చక్కటి తెలుగు. ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే మాత్రం నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న లాటిన్ అక్షరాలు వరసగా వచ్చి పడ్డాయి. ఇలాంటప్పుడు ఫైల్ పాడైందంటారు చాలామంది. పాడవలేదు, అసలు అందులో తెలుగు మొదటి నుంచీ లేదు, తెలుగు అక్షరాల బొమ్మలే ఉన్నాయి.

ఇది 1990ల డీటీపీ రోజుల నాటి సంగతి. పేజీలు పేజ్‌మేకర్‌లో కట్టేవాళ్లు, దానికి తెలుగు తెలియదు. ఒక ఫాంటులో 256 గళ్లు, వాటిలోనూ కొన్ని వాడుకోవడానికి వీల్లేనివి. మన హల్లులకు గుణింతాలు కడితేనే నాలుగొందలు దాటిపోతాయి, ఒత్తులు వేరే. అందుకని అను, శ్రీలిపి లాంటి ఫాంట్లు చేసినవాళ్లు అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక గడిలో, కొమ్ము ఇంకో గడిలో, ఒత్తులు వేరే గళ్లలో. గడి పేరు మాత్రం లాటిన్‌దే, దాని మీద బొమ్మ తెలుగుది. టైపిస్టు మీట నొక్కితే మధ్యలో ఉన్న కీబోర్డు సాఫ్ట్‌వేర్ ఆ ముక్కల నంబర్లను పేజ్‌మేకర్‌కు పంపేది. అంటే పీడీఎఫ్ చేయకముందే, ఆ పేజ్‌మేకర్ ఫైల్లోనే ఫాంటు మార్చి చూసినా ఇదే చెత్త కనబడేది. పీడీఎఫ్ ఫాంటును తనలో పొదువుకుంటుంది కాబట్టి చూడ్డానికి బాగుంటుంది, కాపీ చేసినప్పుడు బొమ్మ రాదు, గడి పేరు వస్తుంది.

మరి ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరు ఇచ్చే యూనికోడ్ లేదా అంటే, ఉంది. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దొరికింది. ఐతే విండోస్‌లో తెలుగు సరిగ్గా కనబడటానికి 2001లో ఎక్స్‌పీ, దానితోపాటు గౌతమి ఫాంటు రావాల్సి వచ్చింది. పేజీలు కట్టే ఇన్‌డిజైన్‌లోకి భారతీయ లిపులు వచ్చింది 2012లో, సీఎస్6తో. ఈ ఆలస్యాన్నే నేను అసలు కారణం అంటాను, ప్రెస్సువాళ్ల బద్ధకం కాదు. ఆ ఇరవై ఏళ్లలో అచ్చయిన మన పుస్తకాల్లో చాలావాటికి యూనికోడ్ ప్రతి లేనే లేదు, అందుకే వాటిలో ఒక్క తెలుగు మాట వెతికినా దొరకదు.

చెత్త అంతా ఒకటే రకం కాదు, ముందు అది తేల్చుకోవాలి. `à°¤à±†` లాగా `à°`, `à±` పదే పదే వస్తుంటే అది నిజమైన యూనికోడ్ తెలుగే, బైట్లను అక్షరాలుగా చదివే పద్ధతి, అంటే ఎన్‌కోడింగ్, తప్పిందంతే. పై ముక్క ‘తె’. దాన్ని సాధారణంగా వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ జంట లేకుండా రకరకాల గుర్తులుంటే పాత ఫాంటు అని అనుమానించాలి. అడోబ్ రీడర్‌లో Ctrl+D నొక్కి Fonts చూస్తే పేరు తెలుస్తుంది, లేదా కమాండ్ లైన్‌లో ఇలా:

```
pdffonts pustakam.pdf
```

పేరు ఎందుకంటే, ఏ ముక్క ఏ గడిలో అన్నది ఫాంటు ఫాంటుకూ మారుతుంది. పాత ఫాంటును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ ఏ గడి ఏ ముక్కో చెప్పే పట్టిక చూసే మారుస్తుంది, ఒక ఫాంటు పట్టికతో ఇంకోదాన్ని మారిస్తే తెలుగులోనే చెత్త వస్తుంది.

పట్టిక సరైనదైనా ఇంకో చిక్కుంది. పాత ఫాంటు అక్షరాన్ని కంటికి కనిపించే వరసలో దాస్తుంది, యూనికోడ్ పలికే వరసలో. ‘మంత్రి’ తీసుకోండి. పాత ఫైల్లో ముందు ‘తి’ బొమ్మ, తర్వాత రావత్తు. యూనికోడ్‌లో త, పొల్లు, ర, ఆఖర్న గుడి. వరస మార్చకుండా ముక్కకు ముక్క మారిస్తే ‘మంతి్ర’ అవుతుంది. వెబ్‌లో మనం రోజూ చూసే ‘రాష్ర్టం’ కూడా ఈ దారిలో రావచ్చు: ట ఒత్తు కన్నా రావత్తు ముందు వచ్చేసింది. ఆ మాట ‘రాష్ట్రం’ అని వెతికేవాళ్లకు దొరకదు, అదే బాధ.

నా పుస్తకంలో ఫాంటు పేరు దొరికింది, కన్వర్టర్ పని చేసింది, రావత్తులు ఒక్కొక్కటే సరిచేశాను. కొన్ని చోట్ల తలకట్లు, ఒత్తులు మాయం. ఖాళీ జాగా, కనిపించని హైఫన్ లాంటి వాటికి కేటాయించిన గళ్లలో ముక్క పెట్టి ఉంటే పేస్ట్ చేసేటప్పుడే అది రాలిపోతుంది, కన్వర్టర్‌కు అందదు. ఇంకా పుస్తకం మధ్యలో మామూలు ఇంగ్లిష్ ఫాంటులో ఉన్న సర్వే నంబర్లు, దొరల పేర్లు కూడా తెలుగు ముక్కలుగా మారిపోయాయి, ఎందుకంటే కాపీ చేయగానే ఏది ఏ ఫాంటులో ఉందో ఆ సమాచారం పోతుంది. వాటిని మాత్రం పీడీఎఫ్ పక్కన పెట్టుకుని, పేజీ పేజీ చూస్తూ, చేత్తో కొడుతున్నాను.