బీపీ ఉన్నవారికి జలుబు మందులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: జలుబు బిళ్లకూ బీపీకీ సంబంధం లేదు.

ఫార్మసిస్టుగా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ నమ్మకమే. జలుబు చేస్తే ముక్కు లోపలి పొరలోని రక్తనాళాలు ఉబ్బి గాలి దారి ఇరుకవుతుంది. సూడోఎఫెడ్రిన్, ఫినైలెఫ్రిన్ వంటి మందులు ఆ నాళాలను బిగించడానికే ఉన్నాయి. అయితే మింగిన బిళ్ల ముక్కు దగ్గరే ఆగదు. రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతూ మిగతా నాళాలనూ బిగించగలదు. బీపీ అదుపులో ఉన్నవారిలో పెరుగుదల సగటున కొద్దిగానే ఉంటుంది, కానీ ఎవరిలో ఎక్కువ పెరుగుతుందో ముందుగా చెప్పలేం. అదుపులో లేనివారు వీటి జోలికి వెళ్లకూడదు. పైగా, మింగే ఫినైలెఫ్రిన్ దిబ్బడను తగ్గించడం లేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం 2023లో తేల్చింది. ఫలితం లేని మందు కోసం ముప్పు ఎందుకు?

అపోహ: జలుబులో బీపీ పెరిగితే రోజూ వేసుకునే మాత్ర పనిచేయనట్టే.

బీపీకి టెల్మిసార్టన్ మాత్ర వాడుతూ 130/80 దగ్గర ఉండే ఒక వ్యక్తిని తీసుకోండి. జలుబుకు ఫినైలెఫ్రిన్, పారాసెటమాల్ కలిసిన బిళ్ల, ఒళ్లునొప్పులకు ఐబుప్రోఫెన్ మొదలుపెట్టాడు. మూడో రోజుకు బీపీ 154/94. కంగారుపడి టెల్మిసార్టన్ మరొకటి వేసుకోవాలనుకుంటాడు. అసలు సంగతి వేరు. ఐబుప్రోఫెన్ మూత్రపిండాలు ఉప్పునీ నీటినీ పట్టి ఉంచేలా చేస్తుంది, టెల్మిసార్టన్ ప్రభావాన్నీ తగ్గిస్తుంది. దానికి జలుబు బిళ్ల తోడైంది. ఇక్కడ ఆపవలసినవి ఆ రెండూ. బీపీ మాత్రను ఎప్పటిలాగే వేసుకోవాలి.

జ్వరానికి, నొప్పులకు పారాసెటమాల్ ఒక్కటే ఉన్న 500 మి.గ్రా. మాత్ర చాలు. అవసరమైతే ఆరు గంటల వ్యవధితో మరొకటి, అదీ కొద్ది రోజులే. కాలేయ జబ్బు ఉంటే ముందు డాక్టర్ని అడగాలి. జలుబు బిళ్లలోనూ పారాసెటమాల్ ఉంటుంది కాబట్టి రెండూ కలిపితే మోతాదు తెలియకుండానే పెరుగుతుంది. అట్ట వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవమని నేను పట్టుబట్టేది అందుకే. నీళ్లలో పొంగే మాత్రలు వద్దు, వాటిలో సోడియం ఎక్కువ. ముక్కు దిబ్బడకు సెలైన్ చుక్కలు రోజుకు మూడు నాలుగు సార్లు వేసుకోవచ్చు. ఆ రోజుల్లో ఉదయం, సాయంత్రం బీపీ చూసి రాసుకోండి.

అపోహ: ముక్కులో కొట్టే స్ప్రే, మూలికల మందు పూర్తిగా సురక్షితం.

ఆక్సీమెటజోలిన్ స్ప్రే రక్తంలోకి తక్కువే చేరుతుంది, కానీ అసలు చేరకుండా ఉండదు. మూడు రోజులు మించితే దిబ్బడ ఇంకా ముదురుతుంది. అతిమధురం ఉన్న దగ్గు మందులు ఎక్కువగా వాడితే పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది. మామూలు దగ్గుకు తేనె నయం, మధుమేహం లేకపోతే.

బీపీ 180/120 దాటి ఛాతీనొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడటం వంటివి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.