అదే పవర్, నెమ్మది వేగం, లావు షాఫ్ట్

వేగం తగ్గించే గేర్‌బాక్స్‌ను కాస్త గమనించి చూడండి. మోటారు వైపు నుంచి లోపలికి వెళ్ళే షాఫ్ట్ సన్నగా ఉంటుంది. అవతలి వైపు బయటికొచ్చే షాఫ్ట్ చాలాసార్లు దానికి రెండు మూడు రెట్లు లావుంటుంది. రెండింటిలో నడిచేది ఒకే మోటారు ఇచ్చిన పవర్. నిజానికి గేర్ల మధ్య కొంత వేడిగా పోతుంది కాబట్టి బయటి షాఫ్ట్‌కు అందేది కాస్త తక్కువే. మరి తక్కువ పవర్ మోసేదానికి ఎక్కువ ఉక్కు ఎందుకు?

ఎందుకంటే షాఫ్ట్‌ను మెలిపెట్టేది పవర్ కాదు, టార్క్. టార్క్‌ను తిరిగే వేగంతో గుణిస్తే వచ్చేది పవర్. అందుకని పవర్ మారకుండా వేగం తగ్గితే టార్క్ అంతకు అంత పెరిగి తీరాలి. నిమిషానికి N చుట్లు తిరిగే షాఫ్ట్‌కు ఈ లెక్క ఇలా ఉంటుంది:

P = 2πNT / 60

ఒక 15 కిలోవాట్ల మోటారు 1440 ఆర్‌పీఎంతో తిరుగుతోందనుకుందాం. 15,000 వాట్లను 60తో గుణించి, 2π × 1440తో భాగిస్తే టార్క్ సుమారు 99.5 న్యూటన్ మీటర్లు. గేర్‌బాక్స్ వేగాన్ని 20 రెట్లు తగ్గించి 72 ఆర్‌పీఎం చేసింది. గేర్లలో పోయేదాన్ని పక్కన పెడితే బయటి షాఫ్ట్ మీద టార్క్ 1989 న్యూటన్ మీటర్లు. ఆ నష్టాన్ని వదిలేయడం వల్ల మనకు వచ్చే ఇబ్బందేమీ లేదు, లెక్క కాస్త భద్రత వైపే మొగ్గుతుంది.

ఇక ఈ టార్క్‌ను ఉక్కు ఎలా తట్టుకుంటుందో చూడాలి. మెలి పడిన షాఫ్ట్‌లో షియర్ స్ట్రెస్ అంతటా ఒకేలా ఉండదు. సరిగ్గా నడిమధ్యన అది సున్నా. బయటికి వెళ్ళేకొద్దీ దూరాన్నిబట్టి పెరుగుతూ ఉపరితలం దగ్గర గరిష్ఠానికి చేరుతుంది. పైగా బయటి పొర కేంద్రానికి దూరంగా ఉంటుంది కనుక అక్కడి ప్రతి చదరపు మిల్లీమీటరూ ఎక్కువ టార్క్‌ను మోస్తుంది. దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. షాఫ్ట్ లోపల సగం వ్యాసం ఉన్న కడ్డీని ఊహించుకోండి. మొత్తం లోహంలో నాలుగో వంతు దానిదే. కానీ అది మోసే టార్క్ పదహారో వంతు మాత్రమే. బరువు తగ్గించాల్సిన చోట షాఫ్ట్‌ను గొట్టంలా చేసేది అందుకే.

మధ్య నుంచి అంచు దాకా అన్ని పొరల వాటానూ కూడితే, గుండ్రటి నిండు షాఫ్ట్‌కు వచ్చే సూత్రం ఇది:

T = (π/16) τ d³

ఇందులో d అంటే షాఫ్ట్ వ్యాసం, τ అంటే ఉపరితలం దగ్గర మనం అనుమతించే షియర్ స్ట్రెస్. మామూలు ఉక్కు షాఫ్ట్‌కు పాఠ్యపుస్తకాల్లో తరచూ కనిపించే విలువ 56 మెగా పాస్కల్. గేరు, కప్లింగ్ బిగించడానికి షాఫ్ట్ మీద కీవే అనే గాడి కోస్తే దాన్ని 42కు దించుతారు. కీవే మూల దగ్గర స్ట్రెస్ పోగుపడుతుంది. ఏళ్ళ తరబడి తిరిగి విరిగిన షాఫ్ట్‌ను చూస్తే చాలాసార్లు పగులు అక్కడే మొదలై ఉంటుంది. మన షాఫ్ట్‌కూ కీవే ఉంటుంది, కాబట్టి 42 తీసుకుందాం.

బయటి షాఫ్ట్‌కు d³ = 16T/(πτ). టార్క్‌ను న్యూటన్ మిల్లీమీటర్లలో రాస్తే దాదాపు 19,89,000. 42 మెగా పాస్కల్ అంటే చదరపు మిల్లీమీటరుకు 42 న్యూటన్లే. లెక్క కడితే d³ సుమారు 2,41,200, ఘనమూలం 62.3 మిల్లీమీటర్లు. మోటారు వైపు షాఫ్ట్‌కు ఇదే పద్ధతిలో 23 మిల్లీమీటర్లు వస్తుంది. టార్క్ 20 రెట్లయినా వ్యాసం 2.7 రెట్లే. 20కి ఘనమూలం అంతే మరి.

62.3 మిల్లీమీటర్ల కడ్డీ ఎవరూ చేసి పెట్టరు. దగ్గర్లో దొరికే సైజులు 60, 65. తేడా రెండు మిల్లీమీటర్లేగా అని 60 తీసుకుంటే స్ట్రెస్ 46.9 మెగా పాస్కల్, పరిమితి కంటే 12 శాతం ఎక్కువ. 65 తీసుకుంటే 36.9కి దిగుతుంది. వ్యాసంలో 5 మిల్లీమీటర్లకు స్ట్రెస్‌లో ఇంత తేడా ఘనం వల్లే. ఉన్న షాఫ్ట్‌ను తుప్పు తీయడానికనో, కొత్త బేరింగ్‌కు సరిపెట్టడానికనో లేత్ మీద పదోవంతు సన్నబరిస్తే స్ట్రెస్ 37 శాతం పెరుగుతుంది. చేసినవాళ్ళకు అది చిన్న పనిలాగే కనిపిస్తుంది, చిక్కంతా అక్కడే.

ఈ ఘనమూలమే లెక్కలోని తప్పులనూ దాచిపెడుతుంది. పరీక్షల్లో ఎక్కువగా దొర్లేది యూనిట్ల తప్పు. న్యూటన్ మీటర్లను మిల్లీమీటర్లలోకి మార్చడం మరిచిపోతే టార్క్ వెయ్యి రెట్లు తగ్గుతుంది, వ్యాసం పది రెట్లు తగ్గి 6.2 వస్తుంది. 15 కిలోవాట్లను 72 ఆర్‌పీఎం దగ్గర వేలంత లావు కూడా లేని కడ్డీ తిప్పుతుందంటే ఎవరికైనా అనుమానం రావాలి. కానీ పై సూత్రంలో 60 రాయడం మరిచిపోతే వచ్చేది 15.9 మిల్లీమీటర్లు. ఇది చూడటానికి నిజమైన షాఫ్ట్ సైజులాగే ఉంటుంది, అందుకే ఇది ఎక్కువ ప్రమాదకరం. జవాబు రాగానే దాన్ని మళ్ళీ సూత్రంలో పెట్టి టార్క్, అక్కడి నుంచి పవర్ రాబట్టి చూస్తే ఇలాంటివి బయటపడతాయి. ఒక్క షరతు: యూనిట్లు మళ్ళీ మొదటి నుంచి రాసుకోవాలి. లేకపోతే అదే తప్పు తిరుగు ప్రయాణంలోనూ దొర్లి, అంతా సరిపోయినట్టే కనిపిస్తుంది.

ఇంతవరకూ తీసుకున్నది సగటు టార్క్. కంప్రెసర్‌లాంటి యంత్రంలో టార్క్ ప్రతి చుట్టులోనూ ఎగిసిపడుతుంది. సగటు కంటే గరిష్ఠం 25 శాతం ఎక్కువని ప్రశ్నలో ఇస్తే, 1989కి బదులు 2487 న్యూటన్ మీటర్లకు లెక్క కట్టాలి. అప్పుడు వ్యాసం 67 దాటుతుంది, 65 చాలదు, 70కి పోవాలి. మోటారు స్టార్టయ్యే క్షణంలోనో, యంత్రం మధ్యలో ఇరుక్కున్నప్పుడో పడే టార్క్ పూర్తి లోడ్ విలువకు రెట్టింపు కూడా కావచ్చు. సూత్రానికి ఆ సంగతి తెలియదు, మనమే చెప్పాలి.

సూత్రానికి తెలియనిది ఇంకొకటి ఉంది: వంపు. రెండు కప్లింగ్‌ల మధ్య తిన్నగా ఉన్న షాఫ్ట్‌కు దాదాపు మెలి ఒక్కటే పడుతుంది. దాని మీద గేరో, బెల్టు పుల్లీయో ఉంటే ఆ పక్క లాగుడు షాఫ్ట్‌ను వంచుతుంది కూడా. అప్పుడు T స్థానంలో √(M² + T²) వేస్తారు, M అంటే బెండింగ్ మొమెంట్. మన షాఫ్ట్ మీద 1500 న్యూటన్ మీటర్ల బెండింగ్ మొమెంట్ ఉందనుకుంటే సమాన టార్క్ 2492 వస్తుంది. టార్క్ ఎగిసిపడటం ఏమీ లేకపోయినా వ్యాసం మళ్ళీ 67 దగ్గరకే చేరుతుంది. రెండూ ఉంటే ముందు గరిష్ఠ టార్క్ తీసుకుని, దాన్ని వంపుతో కలిపి, ఆ తర్వాతే ఘనమూలం తీయాలి. అలా చేస్తే దాదాపు 70.6 మిల్లీమీటర్లు వస్తుంది, 70 చాలదు, 75 తీసుకోవాలి.