పీ-వాల్యూ చిన్నదే, తేడా ఇంకా చిన్నది

2014 జూన్‌లో పీఎన్ఏఎస్ అనే పత్రికలో వచ్చిన ఫేస్‌బుక్ అధ్యయనం మీద పెద్ద దుమారమే రేగింది. 2012 జనవరిలో ఒక వారం పాటు 6,89,003 మంది ఫీడ్‌ను మార్చి చూశారు. కొందరికి సంతోషం కనిపించే పోస్టులు తగ్గించారు, కొందరికి బాధ కనిపించేవి తగ్గించారు. ఆ తర్వాత వాళ్లు ఏం రాశారో, ఆ రాతల్లో ఎలాంటి మాటలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టారు. జనాన్ని అడగకుండా ప్రయోగం చేశారన్నది అందరికీ వినపడిన గొడవ. అసలు ఎంత తేడా వచ్చిందన్న ప్రశ్న ఆ హోరులో చాలామందికి పట్టలేదు.

సంతోషం పోస్టులు తగ్గించినవాళ్ల రాతల్లో సంతోషపు మాటల వాటా సుమారు 0.1 శాతం పాయింటు తగ్గింది. అంటే వెయ్యి మాటలకు ఒక మాట. నిజంగా తేడా ఏమీ లేకపోయినా కనీసం ఇంత తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశమే పీ-వాల్యూ. అది మాత్రం 0.001 కంటే తక్కువ, కాబట్టి ఫలితం నిస్సందేహంగా సిగ్నిఫికెంట్, అంటే ఊరికే వచ్చిందని కొట్టిపారేయలేనిది. ఎఫెక్ట్ సైజు (d) 0.02. రెండు గ్రూపుల సగటుల తేడాను, స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగిస్తే వచ్చేదే ఈ d. దాన్ని ఇలా ఊహించుకోవచ్చు: రెండు గ్రూపుల నుంచీ ఒక్కొక్కరిని గుడ్డిగా ఎంచుకుంటే, ఎవరిది ఏ గ్రూపో వాళ్ల స్కోరు చూసి సరిగ్గా చెప్పే అవకాశం దాదాపు 50.6 శాతం. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది.

మరి ఇంత బలహీనమైన తేడా పరీక్షలో ఎలా నెగ్గింది? z ఎంత పెద్దదైతే పీ-వాల్యూ అంత చిన్నది. ఒక్కో గ్రూపులో n మంది ఉంటే లెక్క ఇది:

```
z = d × √(n/2)
```

d 0.02 దగ్గరే ఉంచి n ఒక్కటే పెంచుతూ పోదాం. గ్రూపుకు 100 మంది ఉంటే z 0.14. ఎవరూ పట్టించుకోరు. 10,000 మంది ఉంటే 1.41, ఇంకా గీత దాటలేదు. 19,208 మంది దగ్గర అది 1.96కు చేరుతుంది, అంటే సిగ్నిఫికెంట్ అనడానికి అందరూ వాడే పీ-వాల్యూ 0.05 గీత. లక్ష మంది అయితే 4.47. ఇప్పుడు పీ-వాల్యూ లక్షలో ఒక వంతు కన్నా తక్కువ. తేడా మాత్రం మొదట ఎంతో ఇప్పుడూ అంతే. పెరిగిందల్లా అది సరిగ్గా సున్నా కాదన్న మన నమ్మకం.

ఈ గీత పుట్టిన కాలంలో ఇది ఇబ్బంది కాలేదు. గణాంక శాస్త్రవేత్తలు విలియం గాసెట్ 1908లో, రోనాల్డ్ ఫిషర్ 1925లో రాసిన పద్ధతులు పది, ఇరవై కొలతలతో నెట్టుకొచ్చేవాళ్ల కోసం. గ్రూపుకు పది మందే ఉంటే d దాదాపు 0.94 ఉంటే తప్ప 0.05 గీత దాటదు. సిగ్నిఫికెంట్ అని తేలిందంటే తేడా పెద్దదిగా కనిపించిందన్నమాటే. ఒకే జల్లెడ రెండు పనులూ చేసిపెట్టింది.

శాంపిల్ పెరిగితే తేడా పెద్దదని చెప్పే ఆ రెండో పని ఆగిపోతుందని 1938లోనే గణాంక శాస్త్రవేత్త జోసెఫ్ బెర్క్‌సన్ రాశారు. డేటా రెండు లక్షల దాకా ఉంటే, అది ఊహించిన లెక్కకు సరిపోతుందో లేదో చూసే కై-స్క్వేర్ పరీక్ష పీ-వాల్యూ ఎప్పుడూ చిన్నదే వస్తుంది, ఎందుకంటే నిజమైన డేటా ఏ ఊహా వక్రరేఖకూ అచ్చుగుద్దినట్టు సరిపోదు. జవాబు ముందే తెలిసిపోయే పరీక్ష ఎందుకన్నది ఆయన వాదన. నన్నడిగితే ఈ విషయంలో ఆ తర్వాత వచ్చిన విమర్శల్లో సగం ఆయన మాటకు వివరణలే.

d వాడకాన్ని పాతుకునేలా చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త జాకబ్ కోహెన్ బాధ దీనికి తలకిందులు. మనస్తత్వ శాస్త్ర ప్రయోగాల్లో శాంపిళ్లు మరీ చిన్నవనీ, ఉన్న ప్రభావం కూడా దొరకడం లేదనీ 1962లో ఆయన చూపించారు. ఎంతమంది కావాలో ముందే లెక్కవేయడానికి 1969 నాటి పుస్తకంలో 0.2 చిన్నది, 0.5 మధ్యస్థం, 0.8 పెద్దది అన్నారు. ఇంతకంటే మంచి ఆధారం లేనప్పుడే వీటిని వాడమనీ చెప్పారు. ఆ షరతు మరిచి అంకెలను మాత్రం కంఠస్థం చేశాం.

దాని వల్ల ఎలా పొరబడతామో ఆస్పిరిన్ ప్రయోగంలో తెలుస్తుంది. అమెరికాలో 22,071 మంది మగ డాక్టర్ల మీద జరిగిన ఈ ట్రయల్ తుది ఫలితాలు 1989లో వచ్చాయి. ఆస్పిరిన్ వేసుకున్నవారిలో 139 మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 239 మందికి గుండెపోటు వచ్చింది. దీన్ని రెండు విషయాల సంబంధం ఎంత గట్టిదో చెప్పే కోరిలేషన్‌గా మారిస్తే 0.03 చుట్టుపక్కలే, కాగితం మీద ఏమీ లేనట్టే. కానీ ఐదేళ్లలో వెయ్యి మందికి తొమ్మిది గుండెపోట్లు తగ్గాయి. ట్రయల్‌లోని ఆస్పిరిన్ భాగాన్ని ముందే ఆపేశారు కూడా. అలాగని దీన్నీ ఒక్క అంకెతో తేల్చలేం: గుండె, రక్తనాళాల జబ్బులతో జరిగిన మొత్తం మరణాల్లో రెండు గ్రూపుల మధ్య తేడా దాదాపు లేదు. మాత్రతో కడుపులో రక్తస్రావం భయం ఉండనే ఉంది. తగ్గిన ఆ తొమ్మిది పోట్లను డాక్టర్లు తూచాల్సింది వీటితో.