ఏడు రోజులకు రెండు వందల ఫైను: గ్రంథాలయ రిజిస్టరుపై అపోహలు - వాస్తవాలు

నల్లగొండ జిల్లాలో హాలియా దగ్గరి ఒక ఊళ్లో చిన్న గ్రంథాలయం చూసుకుంటున్నాను. పుస్తకం 14 రోజులు ఉంచుకోవచ్చు, ఆపైన రోజుకు రూపాయి ఫైను. 2024 ఆగస్టు 12న ఒక ఇంటర్ పిల్లగాడు పుస్తకం తెచ్చిచ్చాడు. తారీఖు కొట్టగానే ఎక్సెల్ రిజిస్టరు 200 రూపాయల ఫైను చూపించింది. "సార్, పోయిన సోమవారమే గద తీస్కపోయిన!" అన్నాడు. వాడు చెప్పింది నిజమే. వెనక అట్ట లోపల అంటించిన స్లిప్పు మీద గడువు ముద్ర 19 AUG 2024 అని ఉంది. అంటే గడువుకు ఇంకా వారం ఉంది.

అపోహ: ఫార్ములా సరిగా ఉంటే ఫైను తప్పు పడదు.

మా ఫార్ములాలో తప్పేమీ లేదు. C ఇచ్చిన తేదీ, D గడువు, E తిరిగొచ్చిన తేదీ, G రోజువారీ రేటు:

```
D2: =C2+14
F2: =IF(C2="","",MAX(0,IF(E2="",TODAY(),E2)-D2)*G2)
```

తప్పంతా తేదీల్లో ఉంది. ఆ జూన్‌లో మాకు కొత్త కంప్యూటర్ వచ్చింది. దాని రీజియన్ సెట్టింగు అమెరికాది, అంటే ముందు నెల, తర్వాత రోజు. ఆగస్టు 5 అనుకుని 05/08/2024 కొడితే అది మే 8గా తీసుకుంది. గడువు మే 22 అయింది. తిరిగొచ్చిన తేదీ 12/08/2024 కొడితే డిసెంబరు 8 అయింది. మే 22 నుంచి డిసెంబరు 8కి సరిగ్గా 200 రోజులు. తెరమీద మాత్రం 5/8/2024, 12/8/2024 అనే కనబడతాయి. మన కంటికి రెండూ సరైన తారీఖులే.

గుర్తుపట్టే ఆనవాలు గడువు గడిలోనే ఉంది. అక్కడ 5/22/2024 అని పడింది. ఇరవై రెండో నెల ఎక్కడిది? కానీ ఆ గడి వైపు మేం చూసేవాళ్లమే కాదు. గోడ క్యాలెండరు చూసి స్లిప్పు మీద ముద్ర వేసి, తెరమీద ఫైను గడి ఒక్కటే చూసేవాళ్లం. ముద్రలో నెల అక్షరాల్లో ఉండబట్టే ఆ పిల్లగాడు బతికిపోయాడు.

తారీఖు 13 నుంచి 31 లోపు ఉంటే కథ వేరు. పదమూడో నెల లేదు కాబట్టి ఎక్సెల్ దాన్ని తేదీగా ఒప్పుకోదు, ఉత్త అక్షరాలుగా ఉంచేస్తుంది. గడిలో అంకెలు కుడికి జరగకుండా ఎడమకు అంటుకుని ఉంటాయి, లెక్క గడిలో #VALUE! అని వస్తుంది. ఇదే నయం, తప్పు ఉందని కనీసం తెలుస్తుంది. మా దగ్గర సాయంత్రం కూర్చునే కుర్రాడు ఆ గడి బాగాలేదని ఫార్ములా మీద సున్నా కొట్టేశాడట. ఆ సంగతి తర్వాత ఎప్పుడో బయటపడింది.

అపోహ: ఫైను సున్నా వస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే.

రెండు వందలు పడితే మనిషి కొట్లాటకు వస్తాడు. సున్నా పడితే ఎవరూ నోరెత్తరు. ఆ పిల్లగాడి గొడవయ్యాక పాత వరుసలన్నీ తిరగేశాను. జూన్ 10న ఇచ్చిన పుస్తకం ఒకటి జులై 6న వచ్చింది. గడువు జూన్ 24, కాబట్టి 12 రూపాయలు రావాలి. కంప్యూటరేమో ఇచ్చింది అక్టోబరు 6న, వచ్చింది జూన్ 7న అనుకుంది. ఇవ్వకముందే తిరిగొచ్చిన పుస్తకం! లెక్క మైనస్‌లోకి పోయింది, ఫార్ములాలోని MAX(0, ...) దాన్ని సున్నా చేసి దాచేసింది. ముందుగా తెచ్చినవాళ్లకు మైనస్ ఫైను పడకూడదని పెట్టిన MAX అది. తీసెయ్యలేం.

అందుకే పక్కన ఇంకో వరుస పెట్టాను, పుస్తకం ఎన్ని రోజులు ఉందో చూపడానికి:

```
I2: =IF(E2="","",E2-C2)
```

ఇందులో MAX లేదు. జూన్ పుస్తకానికి ఇది -121 చూపించింది, ఆగస్టు పుస్తకానికి 214. మైనస్ వచ్చినా, 60 దాటినా గడి ఎర్రబడేలా పెట్టుకున్నాను. ఎర్రబడినదల్లా తప్పు కాదు, నిజంగానే నాలుగు నెలలు ఉంచుకునే మహానుభావులూ ఉన్నారు. స్లిప్పుతో ఒకసారి సరిచూస్తే సరిపోతుంది.

అసలు మందు రీజియన్‌ను English (India)కి మార్చడం, తేదీ ఫార్మాటు dd-mmm-yyyy పెట్టడం. అప్పుడు 08-May-2024 అని నెల పేరుతో కనబడుతుంది, తిరగబడితే వెంటనే తెలుస్తుంది. రీజియన్ మార్చినంత మాత్రాన పాత వరుసలు బాగుపడవు. వాటిని స్లిప్పులు చూసి చేత్తో దిద్దాల్సిందే. E వరుసకు డేటా వ్యాలిడేషన్‌లో C2కి, TODAY()కి మధ్య తేదీనే ఒప్పుకోమని పెట్టాను. అది ముందే ఉంటే ఆగస్టులో డిసెంబరు తారీఖు పడనిచ్చేదే కాదు.

అపోహ: ఇచ్చిన తేదీ గడిలో TODAY() పెడితే రోజూ కొట్టే బాధ ఉండదు.

ఇది నా సొంత ఘనకార్యం. TODAY() ఆ రోజు తేదీ రాసి ఊరుకోదు, ఫైలు తెరిచిన ప్రతిరోజూ మారుతుంది. నిన్న ఇచ్చిన పుస్తకం ఇవాళ ఇచ్చినట్టే, రేపు చూస్తే రేపు ఇచ్చినట్టే. గడువు ఎప్పుడూ 14 రోజుల అవతలే ఉంటుంది, ఎవరికీ ఫైను పడదు. మా పాఠకులు ఎంత క్రమశిక్షణగా ఉన్నారో అని కొన్నాళ్లు మురిసిపోయాను కూడా. తిరిగొచ్చిన తేదీ గడిలో పెడితే దీనికి తలకిందులు: పుస్తకం బీరువాలో ఉన్నా ఫైను రోజూ పెరుగుతుంది. Ctrl+; నొక్కితే ఆ రోజు తేదీ పడుతుంది, మళ్లీ మారదు. చేత్తో కొట్టే పని లేదు కాబట్టి రోజు, నెల తిరగబడే భయమూ ఉండదు.

అపోహ: గడువు 14 అయినా 15 అయినా ఒకటే.

మాకు వారపు సెలవు శుక్రవారం. శుక్రవారం పుస్తకం ఇవ్వం, 14 రోజులంటే సరిగ్గా రెండు వారాలు, కాబట్టి గడువు శుక్రవారం పడే ప్రసక్తే లేదు. అదే పదిహేను పెడితే గురువారం తీసుకున్న ప్రతి మనిషికీ గడువు శుక్రవారమే. తలుపు తాళం చూసి తిరిగిపోయినవాడికి మర్నాడు రూపాయి పడుతుంది.

ఇక మిగిలేవి పండుగలు. 2024 సెప్టెంబరు 28న ఇచ్చినవాటికి గడువు అక్టోబరు 12, ఆ రోజు దసరా. సెలవుల తేదీలు వేరే షీటులో రాసి, ఆ గడులకు Holidays అని పేరు పెట్టి D2ను ఇలా మార్చాం:

```
=IF(C2="","",WORKDAY.INTL(C2+13,1,16,Holidays))
```

16 అంటే శుక్రవారం ఒక్కటే వారపు సెలవు. మీది ఆదివారమైతే 11. పద్నాలుగో రోజు తెరిచి ఉంటే అదే గడువు, లేకపోతే ఆ తర్వాత తెరిచే రోజు. ఆ దసరా గడువు 13వ తేదీకి జరిగింది. గడువు దాటాక మధ్యలో వచ్చే సెలవులకు మాత్రం ఫైను పడుతూనే ఉంటుంది. అది మా కమిటీ పెట్టిన నియమం, మీ దగ్గర వేరుగా ఉండొచ్చు.

అపోహ: రేటు ఒకే గడిలో పెడితే మార్చడం సులువు.

సులువే. రూపాయిని రెండు చేసిన రోజున, వసూలు చేసి మూసేసిన పాత ఫైన్లన్నీ కూడా రెట్టింపవుతాయి. అందుకే నా దగ్గర G వరుసలో ఎవరి రేటు వాళ్లకే ఉంటుంది. చేతికొచ్చిన డబ్బు H వరుసలో విడిగా, ఫార్ములా లేకుండా రాస్తాను. F కట్టాల్సింది, H కట్టింది. ఆ ఇంటర్ పిల్లగాడి వరుసలో తేదీలు దిద్దాక రెండూ సున్నాలే.